నాయిస్ లేకపోయినా కన్ను ఎందుకు మసకబారింది?

“బీపీఎస్‌కే సిమ్యులేషన్. నాయిస్ కలపలేదు. ట్రాన్స్‌మిటర్, రిసీవర్ రెండు వైపులా `rcosdesign(0.25,10,8,'normal')` పెట్టాను. అయినా ఐ డయాగ్రమ్ మధ్యలో గీతలు ఒకచోట కలవట్లేదు.”

తప్పు ఆ `'normal'` దగ్గరే ఉందండీ, అది ఒక్కో వైపూ పూర్తి రైజ్డ్ కొసైన్ ఇస్తుంది. రైజ్డ్ కొసైన్ పల్స్ ఒక్కటే ఉంటే పక్క సింబల్స్ శాంపిల్ తీసే క్షణాల్లో సరిగ్గా సున్నా అవుతుంది. మీరు దాన్ని రెండుసార్లు వేశారు కాబట్టి స్పెక్ట్రమ్ వర్గమైంది. సింబల్ రేటులో సగం ఫ్రీక్వెన్సీ దగ్గర చూడండి: అక్కడ పక్క కాపీతో కలిసి 0.5 + 0.5 = 1 రావాలి, మీకు 0.25 + 0.25 = 0.5 వస్తోంది. ఆ లోటు వల్ల సున్నాలు పక్కకు జరిగి, పొరుగు బిట్‌లు మీ శాంపిల్‌లోకి చొరబడుతున్నాయి. మధ్యలో గీతలు పరుచుకోవడం అదే.

రెండు వైపులా ఇది పెట్టండి, రెండూ కలిసి ఒక్క రైజ్డ్ కొసైన్ అవుతాయి:

```
h = rcosdesign(0.25,10,8,'sqrt');
```

రెండు ఫిల్టర్ల ఆలస్యం మొత్తం 80 శాంపిల్స్. అవి వదిలేసి కన్ను గీస్తే గీతలు మధ్యలో దాదాపు రెండే ముడులుగా బిగుస్తాయి. స్పాన్ 10 దగ్గర తెగింది కాబట్టి కొద్దిపాటి మందం మిగులుతుంది, దానికి టెన్షన్ వద్దు. ట్రాన్స్‌మిటర్ బయటే చూస్తే మాత్రం కన్ను మసకగానే ఉంటుంది. నేనూ మొదట్లో అక్కడ చూసి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.