70 శాతం ట్రేడ్లు గెలిచినా అకౌంట్ ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: నిఫ్టీ ఆప్షన్స్ ఇంట్రాడే చేస్తాను, పదిలో ఏడు ట్రేడ్లు ప్రాఫిట్‌లోనే క్లోజ్ అవుతాయి, అయినా నెలాఖరుకి మైనస్సే. 1:2 పెట్టుకో అంటున్నారు, అలా పెడితే విన్ రేట్ పడిపోదా?

జవాబు: పడిపోతుందండి, ఖచ్చితంగా పడిపోతుంది. నేనూ ఇదే గోతిలో ఏడాది పైన ఉన్నా కాబట్టి నా లెక్కే చెప్తా.

అప్పట్లో నాదీ 70 శాతమే, మనవాళ్లందరికీ స్క్రీన్‌షాట్లు కూడా పంపేవాణ్ణి. ఒకరోజు కూర్చుని వంద ట్రేడ్లు ఎక్సెల్‌లో వేశా, అన్నీ ఒక్క లాటే. గెలిచినవి 70, సగటున ఒక్కోదాంట్లో 600 వచ్చింది. ఓడినవి 30, కానీ సగటున ఒక్కోదాంట్లో 1600 పోయింది, ఎందుకంటే లాభం కనిపించగానే భయపడి అమ్మేసేవాణ్ణి, నష్టంలో ఉంటే మాత్రం తిరిగొస్తుందిలే అని స్టాప్‌లాస్ కిందకి జరుపుకుంటూ కూర్చునేవాణ్ణి. వచ్చింది 42,000, పోయింది 48,000. దానిమీద బ్రోకరేజ్, ఎస్టీటీ, జీఎస్టీ అన్నీ కలిపి ట్రేడుకి దాదాపు 60 పడింది, అంటే ఇంకో 6,000. మొత్తం మైనస్ 12,000. ట్రేడుకి 120 చొప్పున నేనే చేతులారా ఇచ్చుకున్నట్టు. ఈ ట్రేడుకి ఎంత అన్నదాన్నే ఎక్స్‌పెక్టెన్సీ అంటారు. షీట్‌లో B1లో విన్ రేట్ (0.70 అని), B2లో సగటు లాభం, B3లో సగటు నష్టం, B4లో ట్రేడు ఖర్చు పెట్టి ఇది కొట్టండి:

```
=B1*B2-(1-B1)*B3-B4
```

నా నంబర్లకి కనీసం ఎంత విన్ రేట్ కావాలో కూడా చూశా. ఖర్చు తీస్తే లాభం 540, నష్టం 1660. 1660ని ఆ రెండిటి మొత్తం 2200తో భాగిస్తే 75 శాతం దాటుతుంది. అంటే 70 గెలిచినా చాలదు, 76 గెలవాలి. విన్ రేట్ ఒక్కటే చూస్తే మంచిదో చెడ్డదో చెప్పలేం, దాని పక్కన లాభనష్టాల సైజు ఉండాల్సిందే.

తర్వాత నేనూ 1:2కి మారా, స్టాప్ 1000, టార్గెట్ 2000. టార్గెట్ దూరమయ్యింది కదా, చాలా ట్రేడ్లు సగం దాకా వెళ్లి వెనక్కొచ్చి స్టాప్ కొట్టేవి, దాంతో విన్ రేట్ 42కి దిగింది. పేపర్ మీద చూస్తే అయినా పర్లేదు, 840 మైనస్ 580 మైనస్ 60, ట్రేడుకి 200 మిగలాలి. మిగల్లేదు! ఎందుకా అని మళ్లీ షీట్ తీస్తే టార్గెట్ 2000 అని రాసుకున్నా సగటున 1500 దగ్గరే బయటికొచ్చేస్తున్నా, స్టాప్ ఏమో స్లిపేజ్‌తో 1100 అవుతోంది. 630 మైనస్ 638 మైనస్ 60, అంటే మళ్లీ మైనస్ 68. నేను 1:2 ట్రేడర్‌ని అనుకుంటూ నిజానికి 1:1.4 కూడా ఆడట్లేదన్నమాట. అందుకే ప్లాన్‌లో ఉన్న రేషియోతో లెక్కెయ్యకండి, కాంట్రాక్ట్ నోట్‌లో వచ్చిన సగటులతోనే వెయ్యండి.

ఇక ఆర్డర్లు పెట్టేసి స్క్రీన్ ముందు నుంచి లేచిపోవడం మొదలెట్టాక సగటు లాభం 1850, సగటు నష్టం 1050, విన్ రేట్ 40 దగ్గర ఆగింది. 740 మైనస్ 630 మైనస్ 60, ట్రేడుకి 50 రూపాయలు. నవ్వకండి, ప్లస్సే కదా.

కానీ ఈ 50ని కూడా మరీ నమ్మొద్దు. ఈ సైజులకి బ్రేక్‌ఈవెన్ 38 పైచిలుకు, నాది 40. నిజమైన విన్ రేట్ 40 అయినా వంద ట్రేడ్లలో 35 రావచ్చు, 45 రావచ్చు, అది వట్టి లక్కే. అంటే వంద ట్రేడ్లు చూసి స్ట్రాటజీ పనిచేస్తోందనో చచ్చిపోయిందనో నేను చెప్పలేను, కొన్ని వందలు కావాలి. పైగా 40 శాతం వాడికి వంద ట్రేడ్లలో వరసగా ఏడు నష్టాలు రావడం మామూలే, నాకు వచ్చాయి కూడా, ఏడోది తగిలినప్పుడు పాత పద్ధతికి వెళ్లిపోదామా అనిపించింది. అప్పుడు నిలబడ్డానంటే ట్రేడుకి రిస్క్ అకౌంట్‌లో ఒక శాతమే ఉంది కాబట్టి, ఏడూ కలిపినా ఏడెనిమిది శాతమే తగ్గింది. అదే ఐదు శాతం చొప్పున పెట్టుంటే ముప్పై శాతం పోయేది, ఎక్స్‌పెక్టెన్సీ ప్లస్‌లో ఉన్నా నేనే మధ్యలో ఆపేసేవాణ్ణి.

మీరైతే ముందు స్ట్రాటజీ మార్చకండి. పాత వంద ట్రేడ్ల నోట్లు తీసి ఆ నాలుగు సెల్స్ నింపండి. బహుశా మీ B3లో మూడు నాలుగు పెద్ద నష్టాలే మొత్తం సగటుని లాగేస్తూ ఉంటాయి, అవి స్టాప్ దగ్గరే ఆగి ఉంటే ఎంతయ్యేదో మార్చి చూడండి, 1:2 దాకా వెళ్లకుండానే ప్లస్‌లోకి వస్తుందేమో అక్కడే తేలుతుంది.