గుడ్డు నీళ్లలో తేలితే పారేయాల్సిందేనా?

ప్రశ్న: ఫ్రిజ్‌లో గుడ్లు ఎప్పుడు పెట్టానో గుర్తులేదు. నీళ్లలో వేసి చూస్తే ఒకటి తేలింది, రెండు అడుగున నిటారుగా నిలబడ్డాయి. మూడూ పారేయాలా? అసలు గుడ్లు ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుంటాయి, బయట ఎన్నాళ్లుంటాయి?

జవాబు: నిలబడ్డ రెండూ పాతబడ్డాయంతే. విడివిడిగా గిన్నెలోకి కొట్టి చూసి, వాసన లేకపోతే బాగా ఉడికించి తినేయండి. తేలినదాన్ని నేనైతే పారేస్తాను. అది కచ్చితంగా కుళ్లిపోయిందని కాదు, చాలా పాతది కాబట్టి.

గుడ్డు పెంకు నిండా కంటికి కనపడని సన్నటి రంధ్రాలు వేలల్లో ఉంటాయి. లోపలి తేమ రోజూ కొంచెం వాటిలోంచి ఆవిరైపోతుంది, ఆ మేరకు గాలి లోపలికి చేరుతుంది. ఉడికించిన గుడ్డు ఒలిచినప్పుడు వెడల్పు వైపు చిన్న సొట్ట కనిపిస్తుంది చూడండి, గాలి ఉండే చోటు అదే. తాజా గుడ్డులో అది చిన్నది, అందుకే గుడ్డు అడుగున పడుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ గాలి పెరిగి ఆ వైపు పైకి లేస్తుంది, తర్వాత నిలబడుతుంది, చివరికి తేలుతుంది. అంటే ఈ పరీక్ష చెప్పేది గుడ్డు వయసు. లోపల క్రిములు ఉన్నాయో లేవో దీనివల్ల తెలియదు. సాల్మొనెల్లా ఉన్న గుడ్డు నిన్న పెట్టినదైతే రాయిలా మునుగుతుంది.

ఈ తేడా నాకు ఒకసారి ముక్కుతో తెలిసింది. అట్టపెట్టె పారేసి గుడ్లను విడిగా ఫ్రిజ్‌లో పెట్టాను, తేదీ గుర్తులేదు. ఆరింటినీ నీళ్లలో వేశాను. మూడు పడుకున్నాయి, రెండు నిలబడ్డాయి, ఒకటి తేలింది. ఏమవుతుందో చూద్దామని తేలినదాన్ని వేరే గిన్నెలో కొట్టాను. వాసన ఏమీ లేదు. తెల్లసొన మాత్రం నీళ్లలా పరుచుకుంది, పచ్చసొన చదునుగా ఉండి వెంటనే చితికిపోయింది. దాన్ని పారేసి, పడుకున్నవి ‘తాజావే’ కదా అని ధీమాగా ఒకటి తీసి, ఆమ్లెట్ కోసం అప్పటికే కొట్టి ఉంచిన మిగతా సొనలో నేరుగా కొట్టాను. వంటిల్లంతా కంపు! పెంకు తిప్పి చూస్తే వెంట్రుకంత సన్నటి బీట. దానిలోంచే క్రిములు లోపలికి వెళ్లి ఉంటాయి. బీట ఉన్న గుడ్డులో గాలి సరిగ్గా నిలవదు కాబట్టి మునగడం, తేలడం అన్న లెక్క దానికి పనికిరాదు. ఆమ్లెట్ మొత్తం చెత్తబుట్ట పాలైంది. అప్పటినుంచి నీళ్లలో వేసే ముందు గుడ్డును వెలుతురులో తిప్పి చూస్తాను, ప్రతిదాన్నీ విడిగా చిన్న గిన్నెలోనే కొడతాను.

పరీక్షకు మామూలు చల్లటి నీళ్లు, గుడ్డు ఎత్తుకు రెట్టింపు లోతు ఉంటే చాలు. ఉప్పు వేయకండి, ఉప్పునీళ్లలో తాజా గుడ్డు కూడా తేలుతుంది.

ఇక ఎన్నాళ్లు అన్నది. పెంకుతో ఉన్న పచ్చి గుడ్లు ఫ్రిజ్‌లో, అంటే 4 డిగ్రీల దగ్గర, పెట్టిన రోజు నుంచి మూడు నుంచి ఐదు వారాలు ఉంటాయి. తలుపు అరలో కాదు, లోపలి అరలో పెట్టాలి. తలుపు తెరిచినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే. ఉడికించినవి వారం రోజుల్లో తినేయాలి. ఉడికించాం కదా ఎక్కువ రోజులుంటాయి అనుకుంటాం కానీ, అవే ముందు పాడవుతాయి.

బయట ఉంచడానికి ఒకే లెక్క చెప్పలేం. కడగని గుడ్డు పెంకు మీద సహజంగా ఒక పొర ఉండి రంధ్రాలను మూసి ఉంచుతుంది. అలాంటివి చల్లటి గదిలో రెండు మూడు వారాలు నిలుస్తాయి, ఎండలు ముదిరితే వారం దాటించకపోవడం మేలు. కడిగిన గుడ్లకు ఆ పొర పోతుంది కాబట్టి అవి ఫ్రిజ్‌లోనే ఉండాలి. ఫ్రిజ్‌లో చల్లబడ్డ గుడ్డును బయటికి తీస్తే రెండు గంటల్లోపు వండేయాలి, ఎందుకంటే పెంకు మీద చెమ్మ పట్టి, ఆ తడితో పాటు క్రిములు రంధ్రాల్లోకి దిగుతాయి.

నీళ్ల పరీక్షకూ ఇదే వర్తిస్తుంది. తడిపిన గుడ్డును మళ్లీ ఫ్రిజ్‌లో దాచకండి, ఆ పూట వండబోయేవాటినే వేసి చూడండి. మీ దగ్గరున్న ఆ రెండూ ఇప్పటికే తడిశాయి కాబట్టి ఈరోజే వాడేయండి.