బిల్లు ఒకటే, ఖర్చు రెండుసార్లు

ప్రశ్న: మాది కూకట్‌పల్లిలో పచ్చళ్ళు, పిండివంటల చిన్న యూనిట్. నా పేరు మీదే ఉంది, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. బేగంబజార్‌లో ప్లాస్టిక్ డబ్బాలు తీసుకున్నాం, జూన్ 10 నాటి బిల్లు. జూన్ 24న రూ. 59,000 నెఫ్ట్ చేశాం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో షాపు పేరు కాకుండా ఓనరు పేరు వచ్చింది. మా అకౌంట్స్ అమ్మాయి మెకానిక్ అనుకుని మెషిన్ రిపేర్ల పద్దులో డెబిట్ చేసింది. సెప్టెంబరులో ఇప్పుడు చూసుకున్నాం. ప్యాకింగ్ మెటీరియల్ డెబిట్, మెషిన్ రిపేర్లు క్రెడిట్ అని జర్నల్ వేస్తే సరిపోతుందా? లేక పాత ఓచర్ తీసేసి మళ్ళీ కొట్టాలా? టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ జర్నల్ ఇప్పుడే వేయకండమ్మా. ముందు ట్యాలీలో ఆ డబ్బాల షాపు లెడ్జర్ తెరవండి. జూన్ 10న క్రెడిట్ వైపు రూ. 59,000 కనిపిస్తోందా, లేదా? అది చూశాకే ఏ ఎంట్రీ వేయాలో తేలుతుంది.

కనిపిస్తోందనుకుందాం. అంటే బిల్లు వచ్చిన రోజునే మీ అమ్మాయి దాన్ని సరిగ్గా ఎక్కించింది. ప్లాస్టిక్ డబ్బాల మీద జీఎస్టీ 18 శాతం కాబట్టి ప్యాకింగ్ మెటీరియల్‌లో 50,000, ఇన్‌పుట్ సీజీఎస్టీలో 4,500, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీలో 4,500 డెబిట్ అయ్యాయి. షాపు ఖాతాలో మొత్తం 59,000 క్రెడిట్ అయింది. ఖర్చు రాయడం అక్కడితో అయిపోయింది. జూన్ 24న కట్టిన డబ్బు కొత్త ఖర్చు కాదు, షాపుకు ఉన్న బాకీ తీర్చడం. కాబట్టి అది షాపు ఖాతాలోనే డెబిట్ కావాలి. రిపేర్లలోకి వెళ్ళింది కాబట్టి ఒకే బిల్లు ఖర్చుగా రెండుసార్లు పడింది. 50,000 ఉండాల్సిన చోట 1,09,000 ఉంది. క్రెడిట్ తీసుకున్న 9,000 జీఎస్టీ కూడా ఖర్చులో కలిసిపోయింది. మీ లాభం 59,000 తక్కువ కనిపిస్తోంది.

ఇప్పుడు మీరు అనుకున్న జర్నల్ వేస్తే ఏమవుతుందో చూడండి. రిపేర్ల పద్దు సర్దుకుంటుంది, కానీ ప్యాకింగ్ మెటీరియల్ 1,09,000 అవుతుంది. రెండోసారి పడిన ఖర్చు అలాగే ఉండిపోతుంది. షాపుకు మీరు ఇంకా 59,000 బాకీ ఉన్నట్టే లెడ్జర్ చెబుతుంది. డెబిట్, క్రెడిట్ సమానమే కాబట్టి ట్రయల్ బ్యాలెన్స్ కూడా కుదురుతుంది. ఈ తప్పు అందులో ఎప్పటికీ దొరకదు.

సరైన ఎంట్రీ ఇది:

డబ్బాల షాపు ఖాతా — డెబిట్ 59,000
మెషిన్ రిపేర్లు — క్రెడిట్ 59,000

బ్యాంకును ముట్టుకోవద్దు. డబ్బు వెళ్ళింది నిజం, తేదీ నిజం, మొత్తం నిజం. తప్పు డెబిట్ వైపు మాత్రమే ఉంది.

షాపు లెడ్జర్‌లో జూన్ 10 బిల్లు అసలు లేకపోతే? అప్పుడు మీ ఆలోచన కొంత సరైనదే, ఖర్చు ఒక్కసారే పడింది. అయినా రిపేర్లలోంచి ప్యాకింగ్‌లోకి 59,000 అలాగే మార్చేస్తే 9,000 ఇన్‌పుట్ క్రెడిట్ పోతుంది. ముందు F9 నొక్కి బిల్లును పర్చేజ్‌గా ఎక్కించండి, షాపు ఖాతా క్రెడిట్ అవుతుంది. తర్వాత పై జర్నలే వేయండి. ఆ బిల్లు మీ జీఎస్టీఆర్-2బిలో ఉందో లేదో చూసి క్రెడిట్ తీసుకోండి. ఈ ఆర్థిక సంవత్సరం బిల్లు కాబట్టి వచ్చే ఏడాది నవంబరు 30 వరకు గడువుంది, ముందే వార్షిక రిటర్న్ వేస్తే ఆ రోజుతోనే గడువు ముగుస్తుంది. ఎలా చూసినా దారి షాపు ఖాతా మీదుగానే.

పాత ఓచర్ తీసేయడం గురించి అడిగారు. సొంత పేరు మీద నడిచే వ్యాపారమైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి, మీరు ఓచర్ మార్చినా తీసేసినా ఆ జాడ మీ దగ్గర ఉండాలి. కంపెనీలకైతే 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రతి మార్పు జాడా సాఫ్ట్‌వేర్‌లోనే నిలవాలన్న కంపెనీ చట్టం నియమం వేరే ఉంది, అది మాత్రం మీకు వర్తించదు. అయినా నేను జర్నలే వేయమంటాను. ఓచర్ డిలీట్ చేస్తే బ్యాంక్ రికన్సిలియేషన్‌లో వేసుకున్న తేదీ కూడా పోతుంది. పైగా జూన్ లెక్కల ప్రింటు ఆడిటర్‌కో బ్యాంకుకో ఇచ్చి ఉంటే, ఆ కాగితానికీ మీ పుస్తకాలకూ పొంతన ఉండదు. ఎందుకు మారిందో చెప్పే ఆధారమూ ఉండదు.

F7 నొక్కి, ఈ రోజు తేదీతోనే వేయండి. షాపు ఖాతా డెబిట్ చేసేటప్పుడు ట్యాలీ బిల్లు వివరం అడుగుతుంది. అక్కడ `Agst Ref` ఎంచుకుని జూన్ 10 బిల్లు నంబరు చూపించండి. తొందరలో `On Account` పెట్టేస్తే మొత్తం బ్యాలెన్స్ సరిపోతుంది కానీ, బాకీల జాబితాలో ఆ బిల్లు తెరిచే ఉంటుంది.

నేరేషన్ మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టకండి. "జూన్ 24న నెఫ్ట్ ద్వారా డబ్బాల షాపుకు కట్టిన 59,000 పొరపాటున మెషిన్ రిపేర్లలో డెబిట్ అయినందున సవరణ" అని రాసి, పాత ఓచర్ నంబరు, బ్యాంకు యూటీఆర్ నంబరు చేర్చండి. ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు కట్టకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ వడ్డీతో వెనక్కి కట్టాలి. మీ బిల్లుకు ఆ గడువు డిసెంబరు 7. లెడ్జర్ అలాగే ఉండుంటే, కట్టేసిన బిల్లుకు ఆ 9,000 వెనక్కి కట్టేవాళ్ళు. అసలు చెల్లింపు జూన్ 24నే జరిగిందని నేరేషన్ చూపిస్తే, జర్నల్ సెప్టెంబరు తేదీతో ఉన్నా ఇబ్బంది లేదు.

రిపేర్ల పద్దులో ఇంత మొత్తం ఉంటే ఇంకో చిక్కు కూడా ఉంది. కిందటి ఏడాది మీ టర్నోవర్ కోటి దాటి ఉంటే, కాంట్రాక్టు పనికి ఒకేసారి 30,000 మించి ఇచ్చినప్పుడు టీడీఎస్ పట్టాలి. ఆడిటర్ 59,000 చూసి టీడీఎస్ ఏదని అడుగుతారు. అది సరుకు బిల్లు అని అప్పుడు వెతికి చూపించుకోవాల్సి వస్తుంది.

నన్ను అన్నిటికంటే భయపెట్టేది మాత్రం రెండోసారి డబ్బు కట్టడం. నా దగ్గరికి వచ్చే ఒక కేటరింగ్ ఆయన ఇలాగే లెడ్జర్‌లో బాకీ చూసి, కట్టేసిన బిల్లుకే మళ్ళీ చెక్కు ఇచ్చేశారు. సప్లయర్ మంచివాడు కాబట్టి తర్వాతి సరుకులో సర్దాడు. మీరు జూన్ నుంచి ఇప్పటివరకు ఆ షాపుకు కట్టినవన్నీ ఒకసారి సరిచూసుకోండి. షాపువాళ్ళను వాళ్ళ పుస్తకంలోని మీ ఖాతా స్టేట్‌మెంట్ వాట్సాప్‌లో పంపమనండి, మీ లెడ్జర్ పక్కన పెట్టి టిక్కు పెట్టుకోండి.

మీ అమ్మాయిని కోప్పడకండి, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వేరే పేరు కనిపిస్తే ఎవరైనా పొరబడతారు. ట్యాలీలో ఆ షాపు లెడ్జర్ తెరిచి, పేరు కింద ఉండే `alias` గడిలో ఓనరు పేరు వేయించండి. ఇకమీదట ఆ పేరు కొట్టినా షాపు ఖాతానే వస్తుంది. బేగంబజార్‌లో మీరు సరుకు తెచ్చే మిగతా షాపుల బ్యాంకు ఖాతాలు ఎవరి పేరు మీద ఉన్నాయో కూడా ఈ వారమే అడిగి రాసుకోండి.