రవీ, టీవీ కొనే ముందు షాపులో ఈ పది నిమిషాలు ఖర్చు పెట్టు

రవీ,

అన్నయ్య వాళ్ళకి ముప్పై వేల లోపు 43 అంగుళాల టీవీ ఏది తీసుకోమంటావు బాబాయ్ అని అడిగావు కదా. బొమ్మ సంగతి నువ్వే చూసుకోగలవు, షాపులో నిలబడితే కంటికే తెలిసిపోతుంది. తెలియనిది లోపలి సాఫ్ట్‌వేర్ సంగతి, నేను దెబ్బతిన్నది అక్కడే.

2020లో మేం తక్కువ ధరలో 32 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ కొన్నాం, 1 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ. రెండేళ్ళు బాగానే నడిచింది. మూడో ఏడు వచ్చేసరికి రిమోట్‌లో బాణం నొక్కితే ఏమీ కదిలేది కాదు, మళ్ళీ నొక్కితే రెండు నొక్కులూ కలిపి ఒకేసారి దూకేది. యాప్‌లు అప్‌డేట్ అయ్యేకొద్దీ బరువెక్కాయి, టీవీలో ర్యామ్ మాత్రం అంతే ఉంది. ప్యానెల్ ఇప్పటికీ శుభ్రంగా ఉంది, పాడైందల్లా వేగమే. ఆ బాధ వదిన పడకూడదు.

ముందు ఇంట్లో చూసే యాప్‌లన్నీ కాగితం మీద రాసుకో. యూట్యూబ్, హాట్‌స్టార్ లాంటివి అన్నిట్లో ఉంటాయి, వాటి గురించి టెన్షన్ అక్కర్లేదు. ఆహా, ఈటీవీ విన్, సన్ నెక్స్ట్, వదిన వినే భక్తి ఛానెళ్ళ యాప్‌లు, ఇవీ వెతకాల్సినవి. గూగుల్ టీవీ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే టీవీల్లో ప్లే స్టోర్ ఉంటుంది కాబట్టి చిన్న కంపెనీల యాప్‌లు కూడా ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. శాంసంగ్‌లో టైజెన్, ఎల్‌జీలో వెబ్‌ఓఎస్ అనే సొంత సాఫ్ట్‌వేర్లు ఉంటాయి. వాటికి యాప్ వేరేగా తయారుచేయాలి, చిన్న కంపెనీలు అంత శ్రమ పడవు. పైగా ఆ యాప్ ఫలానా ఏడాది తర్వాత వచ్చిన మోడళ్ళలోనే పనిచేస్తుందని షరతు పెడుతుంటారు. అందుకే సేల్స్ కుర్రాడు "అన్నీ వస్తాయి సార్" అంటే నమ్మకు, ఆ టీవీలోనే స్టోర్ తెరిపించి, నీ కాగితంలోని పేర్లు ఒక్కొక్కటీ టైప్ చేసి చూడు.

తర్వాత వేగం. డెమో వీడియో ఆపించి యూట్యూబ్‌లో ఏదో ఒకటి రెండు నిమిషాలు ఆడించు, హోమ్ నొక్కి ఇంకో యాప్ తెరువు, మళ్ళీ యూట్యూబ్‌కి రా. ఆగిన చోటే ఉంటే సరే. లోగో పడి మొదటినుంచీ మొదలైతే ర్యామ్ చాలక దాన్ని మూసేసిందని అర్థం, కొత్త టీవీయే అలా చేస్తే మూడేళ్ళకి ఎలా ఉంటుందో ఊహించుకో. గూగుల్ టీవీ అయితే 2 జీబీకి తక్కువ తీసుకోవద్దు, స్టోరేజీ 16 ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే 8 జీబీలో చాలా భాగం సిస్టమే తినేస్తుంది. టైజెన్, వెబ్‌ఓఎస్‌లను ఆ కంపెనీలు తమ టీవీలకు తగ్గట్టు మలుచుకుంటాయి, అందుకని తక్కువ ర్యామ్‌తో కూడా కాస్త తేలిగ్గా నడుస్తాయి. అయినా ఈ పరీక్ష వాటికీ పెట్టు.

ఇక అప్‌డేట్లు. 2024 మోడళ్ళ నుంచి ఏడేళ్ళు ఓఎస్ అప్‌గ్రేడ్ ఇస్తామని శాంసంగ్ చెప్పింది, ఐదేళ్ళలో నాలుగు ఇస్తామని ఎల్‌జీ చెప్పింది. ఈ లెక్క నువ్వు కొన్న రోజు నుంచి కాదు, మోడల్ వచ్చిన ఏడాది నుంచి. ఆఫర్‌లో పెట్టేది చాలాసార్లు పాత స్టాకే. శాంసంగ్ మోడల్ నంబర్‌లో సైజు తర్వాత C ఉంటే 2023, D ఉంటే 2024. తక్కువ ధర మోడల్‌కి కూడా ఆ హామీ వర్తిస్తుందా అని కంపెనీ సైట్‌లో చూసుకో.

గూగుల్ టీవీకి అప్‌డేట్ ఇవ్వాల్సింది గూగుల్ ఒక్కటే కాదు, టీవీ చేసిన కంపెనీ కూడా పూనుకోవాలి, చవక బ్రాండ్లు అక్కడే చేతులెత్తేస్తాయి. షాపులోనే `Settings > System > About` లోకి వెళ్తే సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ కనిపిస్తుంది. టీవీని నెట్‌కి కలిపి, కొత్త అప్‌డేట్ ఉందేమో వెతికించాక కూడా అది ఏడాదిన్నర పాతదిగానే ఉంటే, ఆ కంపెనీ నీకు ముందు ముందు కూడా ఏమీ పంపదు. యాప్‌లు మాత్రం ప్లే స్టోర్ నుంచి విడిగా వస్తాయి కాబట్టి ఓఎస్ ఆగిపోయినా కొన్నేళ్ళు గడిచిపోతుంది.

నన్నడిగితే, కాగితంలోని యాప్‌లన్నీ దొరికితే టైజెన్ గానీ వెబ్‌ఓఎస్ గానీ తీసుకో, పెద్దవాళ్ళకి తక్కువ చిరాకు. ఒక్కటి దొరక్కపోయినా, అది వదిన రోజూ చూసేదైతే 2 జీబీ గూగుల్ టీవీకే వెళ్ళు. ఏది కొన్నా హెచ్‌డీఎంఐ పోర్టులు కనీసం రెండు ఉండేలా చూడు. సెట్‌టాప్ బాక్స్‌కి ఒకటి పోతుంది, రెండోది నాలుగైదేళ్ళ తర్వాత స్ట్రీమింగ్ స్టిక్ పెట్టడానికి. మా పాత టీవీ ఇప్పుడు నడుస్తున్నది అలాగే.

షాపుకి వెళ్ళిన రోజు మోడల్ నంబర్ ఫోటో తీసి పంపు, బిల్లు కట్టే ముందు నేనూ చూస్తాను.

మీ బాబాయ్