ఆడపిల్లవాళ్లు ఇంటికి వస్తే వీసా సంగతి ఎలా చెప్పాలి?

అమెరికా నుంచి సెలవు మీద తిరుపతి వచ్చిన అబ్బాయికి, ఆడపిల్లవాళ్లు మొదటిసారి ఇల్లు చూడటానికి వస్తున్నారంటే ఏ చొక్కా వేసుకోవాలన్నదే పెద్ద టెన్షన్. అది అమ్మ చూసుకుంటుంది. మీరు సిద్ధం కావాల్సింది ఒక ప్రశ్నకి. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టగానే పిల్ల తండ్రి అడుగుతారు: "మా అమ్మాయి అక్కడ ఉద్యోగం చేసుకోవచ్చా నాయనా?"

చాలామంది "ఏం ఇబ్బంది లేదండీ" అనేస్తారు. ఇబ్బంది ఉంది. మీది హెచ్-1బీ అయితే భార్య హెచ్-4 మీద వస్తుంది. ఆ వీసాతో నేరుగా ఉద్యోగం చేయకూడదు, ఉద్యోగానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు కావాలి. 2015లో వచ్చిన ఈ వెసులుబాటు మామూలుగా గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే మీ ఐ-140 పిటిషన్ ఆమోదం అయ్యాకే దక్కుతుంది. దానికి ముందు కంపెనీ అక్కడి కార్మిక శాఖ దగ్గర పెర్మ్ అనే ఆమోదం చేయించాలి, అక్కడే ఏడాది పైగా పోతోంది. మీరింకా స్టూడెంట్ వీసా మీదే పనిచేసే ఓపీటీలో ఉంటే ఆమెది ఎఫ్-2, దాంతో ఉద్యోగం కుదరదు.

మా పిన్ని కొడుకుది డాలస్. చూసిన పిల్లది చిత్తూరు, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాడి పెర్మ్ అప్పుడే మొదలైంది. పిల్ల నాన్న అడిగితే, "వెంటనే కుదరదండీ. అన్నీ సవ్యంగా జరిగినా రెండేళ్లు ఇంట్లోనో చదువులోనో గడపాలి" అన్నాడు. పక్కన వాడి బాబాయి ఉండబట్టలేక "గ్రీన్ కార్డు రేపో మాపో వచ్చేస్తుంది" అన్నాడు. పెళ్లి మాటల్లో ఇలాంటి బాబాయి ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వాడు గొంతు పెంచకుండా, "లేదు బాబాయ్, ఇండియాలో పుట్టినవాళ్లకి ఏళ్ల తరబడి క్యూ ఉంది" అని సరిదిద్దాడు. పిల్ల తండ్రి వారం టైమ్ అడిగారు. అడగనివ్వండి, వెంటపడి ఫోన్లు చేయకండి.

ఇదే మాట పిల్లతో విడిగా కూడా చెప్పాలి. తండ్రికి చెప్పాం కదా అనుకుంటే, ఉద్యోగం మానేయాల్సిన మనిషికి సగం సంగతే చేరుతుంది. "రెండేళ్లు ఆగగలవా, లేక అక్కడ ఎంఎస్ చేస్తావా?" అని అడగండి. ఎంఎస్ అంటే ఫీజు ఎవరు కడతారన్నదీ అప్పుడే మాట్లాడుకోవాలి.

సంబంధం ఖాయం కాకముందే మామయ్యా, అత్తయ్యా అనకండి, "అండీ" చాలు. భోజనానికి మరీ బలవంతపెట్టకండి. ఖాయమయ్యేదాకా అబ్బాయి ఇంట్లో భోజనం చేయని పెద్దలు మన వైపు ఇంకా ఉన్నారు. జీతం అడిగితే టాక్సు పోయాక చేతికొచ్చేది చెప్పండి, పక్కనే అద్దె, చదువు అప్పు కూడా. డాలర్లని రూపాయల్లోకి మార్చి మురిపించవద్దు.

వీసా కాగితం చూపించమంటే నొచ్చుకోవద్దు. ఐ-797 అక్కడే చూపించండి. వాట్సాప్‌లో మాత్రం పంపకండి, అందులో మీ వివరాలన్నీ ఉంటాయి.