ఆరో రోజుకీ గీత దిగకపోతే స్ప్రింట్‌లో ఏం తీసేయాలి?

ప్రశ్న: సర్, నేను గుంటూరులో బీటెక్ ఫైనలియర్. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారుల కోసం యాప్ తయారవుతోంది. పది పనిదినాల స్ప్రింట్, అంటే ఆ గడువులో పూర్తి చేయాల్సిన పని విడత. పని పరిమాణం 40 పాయింట్లు. ఆరు రోజులు అయిపోయాయి, మిగిలిన పనిని గీతగా చూపే బర్న్‌డౌన్ చార్ట్‌లో ఇంకా 32 ఉన్నాయి. అందరూ రాత్రిదాకా పనిచేస్తున్నా గీత దిగట్లేదు. స్ప్రింట్ టైమ్‌కి అవుతుందా, కాకపోతే ఏం తీసేయాలి అన్నది రేపు మీటింగ్‌లో నన్నే చెప్పమన్నారు. టెన్షన్‌గా ఉంది. స్టోరీలు అనే విడివిడి పనుల జాబితా, రోజువారీ అంకెలు మెయిల్‌లో జతచేశాను.

జవాబు: అనుకున్నవన్నీ టైమ్‌కి కావు. కానీ ఈ స్ప్రింట్ దేనికోసం మొదలుపెట్టారో ఆ పని మాత్రం అవుతుంది. రేపు ఈ రెండు మాటలూ విడివిడిగా చెప్పండి. కలిపి చెబితే ‘లేట్ అయింది’ అన్న ఒక్క ముక్కే అందరికీ గుర్తుంటుంది.

ముందు చార్ట్ చూద్దాం. 40 పాయింట్లు పది రోజుల్లో సమానంగా తగ్గితే ఆరో రోజు సాయంత్రానికి 16 మిగలాలి. మీకు 32 ఉన్నాయి. ఈ తేడా చూసి టీమ్ మూడో వంతు వేగంతోనే నడుస్తోందని అనుకోకండి. మీ అంకెలు ఇలా ఉన్నాయి: మొదటి రెండు రోజులు 40, మూడో రోజు 35, నాలుగో రోజు 35, ఐదో రోజు 35, ఆరో రోజు 32. నాలుగు, ఐదు రోజుల్లో గీత అడ్డంగానే ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే, కానీ లోపల జరిగింది వేరు. నాలుగో రోజు కాటా తూకం ఎంట్రీ పూర్తయి 5 పాయింట్లు తగ్గాయి. అదే రోజు ‘రైతు పాత బాకీ సర్దుబాటు’ అనే కొత్త స్టోరీ వచ్చి 5 పెరిగాయి. చేసిన పని చార్ట్‌లో కనబడకుండా పోయింది. ఐదో రోజు మాత్రం నిజంగానే ఏదీ పూర్తి కాలేదు.

పనుల లెక్క ఉంచే జిరా సాఫ్ట్‌వేర్‌లో చార్ట్ కింద ఉండే పట్టిక చూస్తే ఇది తెలిసిపోతుంది. కొత్తగా చేరినవి అక్కడ `Scope change` అని కనిపిస్తాయి. చాలామంది పైన బొమ్మ చూసి ఆ పేజీ మూసేస్తారు. నన్నడిగితే ముందు చదవాల్సింది ఆ పట్టికే. దాన్నిబట్టి 16 పాయింట్ల వెనుకబాటులో 5 కొత్తగా వచ్చి పడ్డవి, టీమ్ వెనకపడింది 11.

మరి రాత్రిదాకా పని చేస్తే ఆ 11 ఎక్కడికి పోయాయి? మీ జాబితాలోనే ఉన్నాయి. లాగిన్, లాట్ నమోదు, కాటా ఎంట్రీ పూర్తయ్యాయి, మొత్తం 13 పాయింట్లు. రైతుకిచ్చే అమ్మకం చీటీ అయిన తక్‌పట్టీ లెక్క, తక్‌పట్టీ ప్రింట్, రైతుకు ఎస్సెమ్మెస్, రోజువారీ రిపోర్టు మొదలయ్యాయి కానీ ఒక్కటీ పూర్తి కాలేదు. అంటే 24 పాయింట్లు సగంలో ఉన్నాయి. స్టోరీ బోర్డులో చివరి కాలమ్‌కి చేరితేనే జిరా దాని పాయింట్లు తగ్గిస్తుంది. తొంభై శాతం అయినా ఆ లెక్కలో సున్నాయే. మనిషికొక స్టోరీ పట్టుకుని కూర్చుంటే గీత ఇలాగే ఉండి, చివరి రోజు ఒక్కసారిగా కిందకి పడుతుంది. లేదా అసలు పడదు. టెస్టింగ్ అంతా ఆఖర్న ఒక్కరి మీదే పడుతుంది కాబట్టి ఎక్కువసార్లు జరిగేది రెండోదే.

ఇప్పుడు మిగిలిన నాలుగు రోజుల లెక్క. ఆరు రోజుల్లో 13 అంటే రోజుకి రెండు పైచిలుకు. అదే వేగంతో ఇంకో 9 దాకా అవుతాయి. తక్‌పట్టీ లెక్క టెస్టర్ దగ్గర ఉందనీ, ఒక్క బగ్గే మిగిలిందనీ రాశారు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే అనుకోవచ్చు. 32 మాత్రం ఏ లెక్కన చూసినా కావు.

ఏం తీసేయాలన్నది పాయింట్లు చూసి కాదు, స్ప్రింట్ లక్ష్యం చూసి తేల్చాలి. మీ లక్ష్యం: ‘లాట్ కాటా అయ్యాక గుమస్తా తక్‌పట్టీ వేసి రైతు చేతికి ఇవ్వగలగాలి.’ ఒక్కో స్టోరీకీ ఒకటే ప్రశ్న వేయండి: ఇది లేకుండా రైతు చేతికి తక్‌పట్టీ వెళ్తుందా?

ఇంగ్లిష్‌లోకి మార్చే బటన్, 3 పాయింట్లు. ఇంకా మొదలే కాలేదు, తీసేయొచ్చు. ఎస్సెమ్మెస్ 3 పాయింట్లు. మన దేశంలో ఇలాంటి మెసేజ్ పంపాలంటే పంపేవారి పేరు, మెసేజ్ నమూనా రెండూ టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వ్యవస్థ డీఎల్‌టీలో రిజిస్టరై ఆమోదం పొందాలి. మీది ఇంకా పెండింగ్ అన్నారు. ఆమోదం వచ్చేదాకా ఎవరు రాత్రంతా మేలుకున్నా ఆ స్టోరీ కదలదు. అదీ తీసేయండి. రోజువారీ రిపోర్టు 8 పాయింట్లు. దీని దగ్గరే గొడవ వస్తుంది, ‘సగం అయిపోయింది కదా’ అంటారు. సగం అయినా తక్‌పట్టీకి దానితో పని లేదు. కోడ్ వేరే బ్రాంచ్‌లో ఉంచి వచ్చే స్ప్రింట్‌కి పంపమని చెప్పండి. అది రాస్తున్న మనిషి ఖాళీ అయితే తక్‌పట్టీ ప్రింట్‌కి చెయ్యి సాయం దొరుకుతుంది. అసలు లాభం అదే.

పాత బాకీ స్టోరీ మధ్యలో వచ్చింది కాబట్టి దాన్నే ముందు తీసేయాలనిపిస్తుంది. తొందరపడకండి. రైతు ముందే తీసుకున్న డబ్బు తక్‌పట్టీలో తగ్గించకపోతే ఆ కాగితం వ్యాపారికి పనికిరాదు. అలాగని బాకీల ఖాతా అంతా కట్టక్కర్లేదు. గుమస్తా తానే అంకె వేసే ‘తగ్గింపు’ గడి ఒకటి ఇస్తే ఈ స్ప్రింట్‌కి చాలు. అది 2 పాయింట్ల పని అని డెవలపర్లు ఒప్పుకుంటే మిగతా 3 వాయిదా. మొత్తం 17 పోయి, మిగిలేది 15: లెక్క 8, ప్రింట్ 5, తగ్గింపు గడి 2. లెక్క చాలావరకు అయిపోయింది కాబట్టి నాలుగు రోజుల్లో ఇది కుదిరే పనే.

టెస్టింగ్ తగ్గిద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. స్ప్రింట్లలో పనిచేసే పద్ధతిని వివరించే స్క్రమ్ గైడ్ 2020లోనే ఉంది: స్ప్రింట్ మధ్యలో పని పరిధిని, ఏ పని ముందో తేల్చే ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి మార్చుకోవచ్చు, నాణ్యత తగ్గించకూడదు. తక్‌పట్టీలో కమీషన్ ఒక్క రూపాయి తప్పు పడితే యార్డులో మీ యాప్ మళ్లీ ఎవరూ తెరవరు. సగం అయిన స్టోరీకి సగం పాయింట్లు రాసుకోవడం కూడా వద్దు. గీత అందంగా దిగుతుంది గానీ వచ్చే స్ప్రింట్‌లో ఎంత తీసుకోవాలో లెక్క తప్పుతుంది.

తీసేయమని మీరు ప్రతిపాదించండి, నిర్ణయం మాత్రం ప్రొడక్ట్ ఓనర్‌దే. మాట ఇలా ఉండొచ్చు: “సర్, 32 మిగిలాయి, మన వేగానికి పది పన్నెండు అవుతాయి. తక్‌పట్టీ లెక్క చాలావరకు అయిపోయింది కాబట్టి, 17 పక్కన పెడితే తక్‌పట్టీ టైమ్‌కి ఇవ్వగలం. బాకీలకి చేత్తో అంకె వేసే గడి ఇస్తే మీకు సరేనా?” ఆయన ఎస్సెమ్మెస్సే ముఖ్యమంటే డీఎల్‌టీ సంగతి చెప్పండి.

స్టోరీలు తీసేసిన రోజు చార్ట్ ఒక్కసారిగా 17 పాయింట్లు తగ్గి 15కి దిగుతుంది. అది చేసిన పని కాదు, తీసేసిన పని అని మీటింగ్‌లో ముందే చెప్పేయండి. లేకపోతే టీమ్ బాగా పుంజుకుందని ఎవరో మెచ్చుకుంటారు. తర్వాత ఎనిమిదో రోజు సాయంత్రం మళ్లీ చూడండి. అప్పటికి తక్‌పట్టీ లెక్క చివరి కాలమ్‌కి చేరి 7 మిగలాలి. చేరకపోతే అందరినీ దాని మీదే పెట్టి, ప్రింట్ బదులు స్క్రీన్ మీద తక్‌పట్టీ చూపిస్తే ఈసారికి సరిపోతుందా అని ప్రొడక్ట్ ఓనర్‌ని ఆ సాయంత్రమే అడగండి.