పెండింగ్ బిల్లు కోసం శాఖకు రాసే లేఖలో ఏ వాక్యం డబ్బు తెస్తుంది?

ప్రశ్న: నేను రెండు రోడ్డు పనులు చేశాను. వర్క్ ఆర్డర్లు 11.40 లక్షలు, 7.20 లక్షలు. 2024 మార్చి 12న ఒకటి, 2025 జనవరి 20న మరొకటి పూర్తయినట్లు సర్టిఫికెట్లు ఉన్నాయి. మొదటిది శాఖ పని కొలతలు రాసే ఎం.బుక్‌లో 10.86 లక్షలకు రికార్డయింది, పని మధ్యలో 6 లక్షల పార్ట్ బిల్లు వచ్చింది. రెండోది పూర్తిగా రికార్డయింది కానీ రూపాయి రాలేదు. డిపాజిట్ 5 శాతం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టాను. 12.60 లక్షలు ఇప్పించమని ఎన్ని అర్జీలు పెట్టినా జవాబు లేదు. ఎలా రాయాలి?

జవాబు: మీరు అడుగుతున్న అంకెతోనే మొదలుపెడదాం. శాఖ చెల్లించేది వర్క్ ఆర్డర్ విలువను కాదు, ఎం.బుక్‌లో కొలిచి రాసిన పని విలువను. ఆ లెక్కన మొదటి పనికి రావాల్సింది 4.86 లక్షలు, రెండోదానికి 7.20 లక్షలు, మొత్తం 12.06 లక్షలు. ఇందులో, కొలిచిన మొత్తం 18.06 లక్షలపై 5 శాతం, అంటే 90,300 రూపాయలు డిపాజిట్. పనిలో లోపాలు బయటపడితే మీరే సరిచేయాల్సిన కాలం ముగిసేదాకా దాన్ని శాఖ తన దగ్గరే ఉంచుకోవచ్చు. కాబట్టి ఇప్పుడు అడగవలసిన బిల్లు బకాయి 11,15,700 రూపాయలు. డిపాజిట్‌ను వేరే పేరాలో, అది ఎప్పుడు వాపసు రావాలో తేదీతో సహా రాయండి. 12.06 లక్షలకు బదులు 12.60 లక్షలని 54,000 ఎక్కువ అడిగిన అర్జీని పక్కన పెట్టడానికి గుమాస్తాకు ఆ తేడా ఒక్కటే చాలు.

అసలు చిక్కు గడువులో ఉంది. చేసిన పని ధర రాబట్టుకోవడానికి కాలపరిమితి చట్టం, 1963 ప్రకారం, చెల్లింపు తేదీ ఒప్పందంలో లేనప్పుడు, పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు మాత్రమే ఉంటాయి. మీ మొదటి పనికి అది 2027 మార్చి 12తో తీరిపోతుంది. మీరు పెట్టిన అర్జీలు ఎన్నయినా ఈ గడువును ఒక్క రోజు కూడా పెంచవు. పార్ట్ బిల్లు కూడా పని పూర్తికాక ముందే వచ్చింది కనుక అది ఆసరా కాదు. గడువు తీరకముందే శాఖ తరఫున అధికారం ఉన్నవారు సంతకం చేసి, బకాయి ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంటే మాత్రం, అదే చట్టం 18వ సెక్షన్ కింద ఆ తేదీ నుంచి మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. 'నిధులు రాగానే చెల్లిస్తాం' అనే జవాబు కూడా ఒప్పుకోలే, ఎందుకంటే చెల్లింపు సమయం ఇంకా రాలేదని అన్నంత మాత్రాన అది చెల్లకుండా పోదు. కాబట్టి మీ లేఖ ప్రాధేయపడేది కాకుండా జవాబు రాబట్టేది కావాలి.

వర్క్ ఆర్డర్ నంబరు, తేదీ, ఎం.బుక్ నంబరు, పేజీ, కంప్లీషన్ సర్టిఫికెట్ తేదీ, కొలిచిన విలువ, వచ్చిన మొత్తం, మిగిలినది అన్న వరుసలో ఒక్కో పనికి ఒక్కో చిన్న పేరా చాలు. చివర ఇలా రాయండి: "పై రెండు పనులకు 11,15,700 రూపాయల బిల్లు బకాయి చెల్లించవలసి ఉన్నట్లు తమ రికార్డులతో సరిచూసి, లిఖితపూర్వకంగా ధృవీకరించ ప్రార్థన. ఈ లేఖ తేదీ నుంచి చెల్లించే వరకు వడ్డీని కోరుతున్నాను." ఆ రెండో వాక్యం అలంకారం కాదు. ఒప్పందంలో వడ్డీ ప్రస్తావన లేనప్పుడు, వడ్డీ అడుగుతున్నట్లు రాతపూర్వక నోటీసులో చెప్పిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇప్పించగలదు. ఒప్పందంలో వడ్డీ ఉండదని రాసి ఉంటే మాత్రం ఆ ఆశ వదులుకోవాలి.

లేఖను ఒప్పందంపై సంతకం చేసిన అధికారి పేరున ఇచ్చి, బిల్లులు పాస్ చేసే ఖాతాల కార్యాలయానికి నకలు పెట్టండి. ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర మీ నకలుపై పడ్డాకే బయటికి రండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద బిల్లు ఎవరి బల్ల మీద ఏ తేదీ నుంచి ఉందో, ఏ అభ్యంతరంతో తిరిగి వచ్చిందో అడగండి. ముప్పై రోజుల్లో వచ్చే ఆ సమాధానం బిల్లు ఎక్కడ ఆగిందో చెబుతుంది కానీ, దాన్ని ఒప్పుకోలుగా లెక్కవేసుకోకండి. చేతిలో సంతకమైన జవాబు లేకుండా మొదటి పని గడువుకు ఆరు నెలల దూరానికి వస్తే న్యాయవాదిని కలవండి. ప్రభుత్వంపై దావాకు మామూలుగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి, ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉంటే దారి వేరు.

ఇక మీ అప్పు. 11.15 లక్షల బకాయికి సమానంగా అప్పు ఉందనుకుంటే, రెండు రూపాయల వడ్డీకి నెలకు 22,000కు పైగా పోతోంది. శాఖ నుంచి ఎప్పటికైనా వచ్చే వడ్డీ ఆ రేటును అందుకుంటుందని నేను అనుకోను. బిల్లు వచ్చేదాకా ఆగకుండా ఈ నెలలోనే బంగారం మీదో, స్థిరాస్తి మీదో బ్యాంకు రుణం తీసుకుని చేబదులు తీర్చేయండి. ఈ బకాయి తేలేదాకా అదే శాఖలో కొత్త పనికి టెండరు వేయకండి.